20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుతో 5,000 ఎంఏహెచ్ ఫోను నాలుగుసార్లు నిండాలి కదా? మూడోసారికే చేతులెత్తేస్తోంది

దారిబత్తెం
నమస్కారం. వచ్చే నెల నేనూ మా ఆవిడా కొండల్లో నడకకు వెళుతున్నాం. ఒకసారి పైకెక్కితే నాలుగు రోజుల దాకా కరెంటు ఉండదు. అక్కడికి చేరేది విమానంలో. ఇంట్లో ఉన్న పవర్‌బ్యాంకు మా రెండు ఫోన్లకు సరిపోతుందో లేదో ముందే చూసుకుందామని పరీక్ష పెట్టాను. పూర్తిగా ఆరిపోయిన ఫోనును దానికి తగిలించి నిండేదాకా ఉంచడం, మళ్లీ ఖాళీ చేయడం, మళ్లీ తగిలించడం. రెండుసార్లు నిండుగా ఎక్కింది. మూడోసారి 64 శాతం దగ్గర పవర్‌బ్యాంకు ఆగిపోయింది. డబ్బా మీద 20,000 అని పెద్ద అక్షరాల్లో ఉంది, ఫోను బ్యాటరీ 5,000. నాలుగుసార్లు రావాల్సింది మూడుసార్లయినా రాలేదు. నాకు అంటగట్టింది నకిలీ సరుకా? ఇంకో మాట, ముందున్న నాలుగు దీపాల్లో రెండు చాలాసేపు వెలుగుతూనే ఉన్నాయి, చివరి రెండూ గబగబా ఆరిపోయాయి. అదీ అనుమానంగానే ఉంది.

గోరువంక
ఫోను బ్యాటరీ పాతబడి ఉంటుందండీ. మా ఇంట్లోనూ ఇదే తంతు, ఎంత ఎక్కించినా సాయంత్రానికి సున్నా. బ్యాటరీ మార్పించాక హాయిగా ఉంది. మీరూ ఒకసారి చూపించుకోండి.

దారిబత్తెం
గోరువంక గారూ, ఫోను కొత్తదే. పైగా అది ఎంతసేపు నిలుస్తోందన్నది నా ప్రశ్న కాదు. పవర్‌బ్యాంకు దాన్ని ఎన్నిసార్లు నింపగలదన్నదే ప్రశ్న.

లెక్కలమాస్టారు
నకిలీ కాదండీ, లెక్క సరిగ్గానే ఉంది. పవర్‌బ్యాంకు లోపలి సెల్లు 3.7 వోల్టులవి. ఫోనుకు వెళ్లేది 5 వోల్టులు. కాబట్టి 20,000ను 3.7తో గుణించి 5తో భాగించండి, 14,800 వస్తుంది. అందులో పది శాతం వేడి కింద తీసేయండి, 13,300 మిగులుతుంది. దాన్ని మీ ఫోను 5,000తో భాగిస్తే 2.66. మీకు వచ్చింది 2.64. ఇంతకన్నా ఏం కావాలి?

పాతమీటరు
మాస్టారి జవాబు సరైన చోటికే చేరింది గానీ దారి సరిగ్గా లేదు. అది ఎక్కడ బెడిసికొడుతుందో తరువాత చెబుతాను. దారిబత్తెం గారూ, ముందు ఒక పని చేయండి. పవర్‌బ్యాంకు వెనక వైపు చీమ తలకాయంత అక్షరాలతో కొన్ని వరుసలు ఉంటాయి. వెలుతురులో పెట్టి, అందులో వోల్టులున్న వరుసలన్నీ ఇక్కడ రాయండి. ఫోను బ్యాటరీ వోల్టేజీ ఎంతో కూడా కావాలి.

దారిబత్తెం
భూతద్దం తీయాల్సి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు:

```
20000mAh 3.7V 74Wh
Rated Capacity 12000mAh 5V 3A
Input 5V 2A
```

ఫోను పెట్టెలో దొరికిన కాగితం మీద 5000mAh, 3.87V అని ఉంది.

పాతమీటరు
కావలసినవన్నీ దొరికాయి. మీది నకిలీ కాదు. మీరు మూడోసారి 64 శాతం దాకా రాబట్టారంటే మంచి సరుకే.

ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఏ వోల్టేజీ దగ్గర అన్నది పక్కన ఉంటేనే ఆ అంకెకు అర్థం. రెండిటినీ గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. అసలు సరుకు అదే, లోపల ఎంత శక్తి ఉందో అది చెబుతుంది. మీ సెల్లలో 20,000 × 3.7, అంటే 74 వాట్ అవర్లు ఉన్నాయి. ఆ అంకె మీ పెట్టె మీదే ఉంది.

సెల్లలో ఉన్నదంతా బయటికి రాదు. 3.7ను 5కు పెంచే సర్క్యూట్ కొంత వేడిగా పోగొడుతుంది. ఆ నష్టం పోగా రంధ్రం దగ్గర మీ చేతికి వచ్చేది రెండో వరుసలో ఉంది: 12,000 × 5, అంటే 60 వాట్ అవర్లు. 74కు 60 అంటే 81 శాతం. మర్యాదస్తుడైన తయారీదారు ఈ వరుసను దాచడు. కొనేటప్పుడు పెద్ద అంకె వదిలేసి దీన్నే వెతకండి.

ఇక ఫోను వైపు. 5,000 × 3.87 అంటే 19.35 వాట్ అవర్లు. అయితే అంత నింపాలంటే అంతే ఇస్తే చాలదు. కేబుల్‌లో కొంత, ఫోను లోపలి ఛార్జింగ్ సర్క్యూట్‌లో కొంత, బ్యాటరీ వేడెక్కడంలో కొంత పోతుంది. ఈ పరిమాణం ఫోనును స్విచాఫ్ చేసి మీటరు పెట్టి నింపినప్పుడు నాకు 22 వాట్ అవర్ల చుట్టుపక్కల తేలుతుంది. 60ని 22తో భాగించండి, 2.7. మీ పరీక్షలో ఫోను ఆన్‌లోనే ఉండి ఉంటుంది, ఆ కాస్త తేడా దానిదే.

దీపాల సంగతి. అవి చాలా పవర్‌బ్యాంకుల్లో సెల్ వోల్టేజీని చూసి వెలుగుతాయి, వాడిన శక్తిని కొలిచి కాదు. లిథియం సెల్ వోల్టేజీ మధ్యలో చాలాసేపు దాదాపు కదలకుండా ఉండి చివర్లో జారిపోతుంది. అందుకే చివరి రెండు దీపాలూ తొందరపడ్డాయి. కొండ మీద రెండు దీపాలున్నాయి కదా, సగం ఉందనుకోకండి.

లెక్కలమాస్టారు
మీదీ 2.7, నాదీ 2.66. రెండు దారులూ ఒకే ఊరు చేర్చాయి. ఇక నా దారిలో తప్పేముందో చెప్పండి.

వెన్నెలరాత్రి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే లెక్క పట్టుకుని నేను ఒక పవర్‌బ్యాంకును తిరిగి ఇచ్చేయాలనుకుంటున్నాను. నాదీ 20,000దే, 74 వాట్ అవర్లదే. చిన్న యూఎస్‌బీ మీటరు కొన్నాను. వేగంగా ఛార్జ్ చేసే ఫోనుకు తగిలిస్తే మీటరు మీద వోల్టులు 9 చూపించింది. పవర్‌బ్యాంకు ఖాళీ అయ్యేసరికి మొత్తం 6,500 ఎంఏహెచ్. ఇరవై వేలలో మూడో వంతు కూడా రాలేదు. ఇది మోసం కాక మరేమిటి?

లెక్కలమాస్టారు
9 వోల్టులయితే అంతేనండీ. 20,000 × 3.7 ÷ 9 చేస్తే 8,200. నష్టం తీసేస్తే 6,500కు దగ్గరే. అంటే ఫోను ఒకటింబావుసార్లే నిండుతుంది. వేగం కోసం సగం శక్తిని ధారపోస్తున్నామన్నమాట. ప్రయాణంలో మామూలు 5 వోల్టుల ఛార్జింగే మేలు.

పాతమీటరు
ఇదిగో, బెడిసికొట్టింది ఇక్కడే. వెన్నెలరాత్రి గారూ, అదే మీటరులో ఇంకో తెర ఉంటుంది, మీట నొక్కితే Wh అని వస్తుంది. అది చూడకపోయినా పరవాలేదు. 6,500 × 9 అంటే 58.5 వాట్ అవర్లు. దారిబత్తెం గారి పవర్‌బ్యాంకు 60 ఇస్తోంది, మీది 58.5 ఇస్తోంది. తిరిగి ఇవ్వాల్సిన పనే లేదు.

మాస్టారు 5 వోల్టుల దగ్గరి ఎంఏహెచ్‌ను 3.87 వోల్టుల బ్యాటరీ ఎంఏహెచ్‌తో నేరుగా భాగించారు. కానీ ఫోను లోపల ఆ 5 మళ్లీ దిగుతుంది, దిగినప్పుడు ఎంఏహెచ్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఆయన వదిలేశారు, దాంతో పాటు ఫోను లోపలి నష్టాన్నీ వదిలేశారు, పవర్‌బ్యాంకు నష్టాన్ని 19కి బదులు పది శాతమే వేశారు. మొదటిది పెంచేది, మిగతా రెండూ తగ్గించేవి. 5 వోల్టుల దగ్గర అవన్నీ దాదాపు చెల్లుకు చెల్లు అయ్యాయి కాబట్టి జవాబు కుదిరింది. 9 దగ్గర చెల్లవు. వెన్నెలరాత్రి గారి 58.5ను 22తో భాగిస్తే 2.66 వస్తుంది, ఒకటింబావు కాదు. అనుమానముంటే ఫోను ఎన్నిసార్లు నిండిందో ఆవిడనే అడగండి.

వెన్నెలరాత్రి
రెండున్నరసార్లకు పైనే నిండింది. మీటరు అంకె చూసి కంగారుపడి ఆ సంగతే పట్టించుకోలేదు.

లెక్కలమాస్టారు
వాట్ అవర్ల లెక్కే నయమని ఒప్పుకుంటాను. కానీ వేగంగా ఎక్కిస్తే వేడి ఎక్కువ, వేడంటే నష్టమే. ఆ మాటకు కట్టుబడి ఉన్నాను.

పాతమీటరు
ఫోను చెయ్యి కాలేటంత వేడెక్కితే నష్టం ఉంది, కాదనను. కానీ 9 వోల్టుల దగ్గర కేబుల్‌లో పారే కరెంటు తగ్గుతుంది, అక్కడ కొంత ఆదా అవుతుంది. ఏది గెలుస్తుందన్నది ఫోనును బట్టి, కేబుల్‌ను బట్టి మారుతుంది. నా కొలతల్లో తేడా కొద్ది శాతం దాటలేదు.

గోరువంక
సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా పవర్‌బ్యాంకు ఇయర్‌బడ్స్ పెట్టెకు తగిలిస్తే అర నిమిషంలో ఆగిపోతుంది. మీట నొక్కితే మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. ఇది కూడా వోల్టుల గొడవేనా?

పాతమీటరు
కాదు. ఇయర్‌బడ్స్ తీసుకునే కరెంటు మరీ తక్కువ. ఎవరూ తగిలించలేదనుకుని పవర్‌బ్యాంకు నిద్రపోతుంది. కొన్నిటిలో మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చిన్న వస్తువుల కోసం మెలకువగా ఉంటుంది. మీ దానితో వచ్చిన కాగితంలో ఆ మాట లేకపోతే ఫోనును కూడా రెండో రంధ్రానికి తగిలించి ఉంచండి.

రాగితీగ
లెక్క బాగా తేలింది, కానీ దారిబత్తెం గారు అడిగింది ప్రయాణం గురించి. నేను ఏటా కొండలెక్కేవాణ్ణి, అటువైపు నుంచి చెబుతాను. పవర్‌బ్యాంకు ఫోనును ఎన్నిసార్లు నింపుతుందన్నది కాదు, మీ ఫోన్లు రోజుకు ఎంత తాగుతాయన్నది ముందు తేల్చండి.

ఊళ్లో మామూలుగా వాడితే రోజుకు 70 శాతం అయిపోతుందనుకుందాం. పాతమీటరు గారి 22లో 70 శాతం అంటే సుమారు 15 వాట్ అవర్లు. రెండు ఫోన్లకు 31, నాలుగు రోజులకు 123. బయలుదేరేటప్పుడు రెండు ఫోన్లూ నిండుగా ఉంటాయి కాబట్టి 44 తీసేయండి. ఇంకా 79 కావాలి. మీ దగ్గరున్నది 60. చాలదు.

అసలు చిక్కు ఏమిటంటే, కొండల్లో సిగ్నల్ బలహీనం. ఫోను టవర్ కోసం వెతుక్కుంటూ ఊళ్లో కన్నా ఎక్కువే తాగుతుంది, వాడకపోయినా సరే. అలా వదిలేస్తే పై లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక ఫోను ఫ్లైట్ మోడ్‌లో, మ్యాపులు ముందే దించుకుని. రెండోది రోజుకు రెండు మూడు సార్లు తెరిచి క్షేమ సమాచారం చెప్పి మళ్లీ ఫ్లైట్ మోడ్‌లోకి. ఈ పద్ధతిలో ఫొటోలు తీసుకున్నా సగటున రోజుకు 40 శాతం దాటదు. అప్పుడు రెండు ఫోన్లకు నాలుగు రోజులకు 70, అందులో ఉన్నది 44, పైనుంచి కావలసింది 26. మీ పాత పవర్‌బ్యాంకే సగానికి పైగా మిగులుతుంది.

దారిబత్తెం
ఇది ఊహించలేదు. ఇంకా పెద్దది కొనాలేమో అని 30,000 ఎంఏహెచ్ ఒకటి చూసి పెట్టుకున్నాను.

రాగితీగ
ఆగండి. 30,000 × 3.7 అంటే 111 వాట్ అవర్లు. విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే హద్దు 100. 100కు పైన 160 దాకా విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి, ఆ పైన ప్రయాణికుడి దగ్గర ఉండటానికే వీల్లేదు. సంతలో 26,800, 27,000 లాంటి వింత అంకెలు ఎందుకు కనబడతాయో ఆలోచించారా? 27,000ను 3.7తో గుణించి చూడండి, 99.9 వస్తుంది. ఆ గీతను ఆనుకుని తయారైనవి అవి.

మీ దానిది 74, ఏ ఇబ్బందీ లేదు. అయితే మూడు సంగతులు. దాన్ని చేతిసంచీలోనే పెట్టుకోవాలి, విమానం కడుపులోకి వెళ్లే పెట్టెలో పెట్టకూడదు. భూతద్దంతో చదివిన ఆ అక్షరాలు చెరిగిపోకుండా చూసుకోండి. వాట్ అవర్లు కనబడకపోతే తనిఖీ దగ్గర వదిలేసి వెళ్లమనవచ్చు. అలాగే గాల్లో ఉండగా పవర్‌బ్యాంకు వాడవద్దనీ, తల పైనున్న అరలో పెట్టవద్దనీ చెప్పే సంస్థలు ఈ మధ్య పెరిగాయి. మీరు ఎక్కబోయే సంస్థ నిబంధన టికెట్ కొన్నప్పుడే చూసుకోండి, ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

వెన్నెలరాత్రి
50,000 ఎంఏహెచ్ అని జేబులో పట్టేది ఒకటి ప్రకటనలో తిరుగుతోంది. వాట్ అవర్ల ఊసే లేదు. అది ఎలా సాధ్యం?

పాతమీటరు
సాధ్యం కాదు. త్రాసు తీసుకుంటే తేలిపోతుంది. ఇప్పుడు దొరికే మంచి లిథియం సెల్ కిలోకు 250 వాట్ అవర్ల ప్రాంతంలో ఇస్తుంది. 74 వాట్ అవర్లకు సెల్లే 300 గ్రాములు కావాలి. పై తొడుగు, సర్క్యూట్ కలిపితే 20,000ది మామూలుగా 350 నుంచి 450 గ్రాముల మధ్య తూగుతుంది. 50,000 నిజమైతే 185 వాట్ అవర్లు, సెల్లే ముప్పావు కిలో. జేబు చిరుగుతుంది. పైగా నిజంగా అంత ఉంటే విమానంలోకి రానే రాదు. 200 గ్రాములు తూగి 20,000 అని చెప్పేదాన్ని కూడా నేను నమ్మను.

గోరువంక
అయస్కాంతంతో ఫోను వెనక అతుక్కునేవి వచ్చాయి కదా, తీగ బెడద ఉండదు. నడిచేటప్పుడు అవే హాయి.

రాగితీగ
హాయే, కానీ తీగలేని ఛార్జింగ్‌లో మూడో వంతు దాకా వేడిగా పోవచ్చు. కరెంటు లేని చోటికి వెళ్లేవాళ్లకు అది గిట్టుబాటు కాదు. ఊళ్లో తిరిగేవాళ్ల సంగతి వేరు. మీ దానికి తీగ పెట్టే రంధ్రం కూడా ఉంటే కొండ మీద అదే వాడండి.

లెక్కలమాస్టారు
ఒక సలహా. ఒకే 20,000ది కాకుండా 10,000వి రెండు తీసుకోండి. ఇద్దరు మనుషులు, రెండు సంచులు. ఒకటి నీళ్లలో పడినా, మీట పాడైనా ఇంకొకటి ఉంటుంది. విమానంలోనూ తిప్పలుండవు.

రాగితీగ
ఈ మాట పూర్తిగా ఒప్పుకోలేను. రెండు తొడుగులు, రెండు సర్క్యూట్‌లు, కాబట్టి బరువు కాస్త పెరుగుతుంది. తిరిగి ఛార్జ్ చేసుకోవడానికి రెండు ప్లగ్గులు కావాలి. విశ్రాంతి గృహంలో పది మందికి ఒకే ప్లగ్గు ఉన్నప్పుడు తెలుస్తుంది ఆ బాధ. ప్రయాణికుడికి ఒక్క పవర్‌బ్యాంకే అనుమతించే విమాన సంస్థలూ ఉన్నాయి, మీరు ఇద్దరు కాబట్టి అది మాత్రం మీకు అడ్డు కాదు.

లెక్కలమాస్టారు
ఒకటే ఉండి అది చెడిపోతే ప్లగ్గులు ఎన్ని ఉన్నా ఏం లాభం?

పాతమీటరు
మీరిద్దరూ వాదించుకుంటూ ఉండండి గానీ, దారిబత్తెం గారి దానిలో అందరూ వదిలేసిన లోపం ఒకటుంది. మూడో వరుస చూడండి, Input 5V 2A. అంటే అది లోపలికి తీసుకునేది 10 వాట్లే. 74 వాట్ అవర్లు నిండాలంటే నష్టంతో కలిపి దాదాపు 87 ఇవ్వాలి. పదితో భాగిస్తే తొమ్మిది గంటల పని. ఎంత పెద్ద ఛార్జర్ తగిలించినా అంతే. నడక మొదలయ్యే ముందు రాత్రి పదింటికి బస చేరి తెల్లవారి అయిదింటికి బయలుదేరితే అది నిండదు. 18 వాట్లు తీసుకునేదయితే అయిదు గంటల్లో అయిపోతుంది. కొత్తది కొంటే పెద్ద అంకె కోసం కాదు, ఈ వరుస కోసం కొనండి.

దారిబత్తెం
నిజమే, నింపడానికి రాత్రంతా పెట్టి పొద్దున చూస్తే నాలుగో దీపం ఇంకా మిణుకుతూనే ఉండేది. ఛార్జర్ లోపమనుకున్నాను. మేము విమానం దిగి బసకు చేరేసరికి రాత్రి పదకొండవుతుంది. ఇంటి దగ్గరే నింపుకుని, దారిలో ముట్టకుండా కొండ ఎక్కితే?

రాగితీగ
అదే మంచిది. విమానాశ్రయంలో ఎదురుచూస్తున్నంతసేపూ ఫోనును గోడ ప్లగ్గుకే తగిలించండి, పవర్‌బ్యాంకు జోలికి వెళ్లకండి. కొండ మీద చలి ఉంటే రాత్రిళ్లు ఫోన్లనూ పవర్‌బ్యాంకునూ దుప్పట్లో మీ పక్కనే పెట్టుకోండి. చలికి సెల్లు బిగుసుకుని, ఉన్నది కూడా ఇవ్వవు. వెచ్చబడ్డాక మళ్లీ ఇస్తాయి. గడ్డకట్టే చలిలో మాత్రం ఫోనుకు ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీకి హాని.

దారిబత్తెం
అలాగే. పాతదే తీసుకెళతాను, 30,000 ఆలోచన మానేశాను. మాస్టారి మాట విని 10,000ది చిన్నది ఒకటి మా ఆవిడ సంచీలో ఉంచుదామా అని ఊగుతున్నాను. కెమెరా బ్యాటరీలు కూడా ఉన్నాయి, ఒక్కోదాని మీద 7.2V 1800mAh అని ఉంది. వాటినీ ఇదే లెక్కలో కలపవచ్చా?

పాతమీటరు
కలపవచ్చు. 1,800 × 7.2 అంటే 13 వాట్ అవర్లు, నష్టాలు వేసుకుంటే ఒక్కోదానికి 15 పైనే పోతుంది. రోజుకు ఒకటి నింపాలంటే నాలుగు రోజులకు 60. ఫోన్లకు 26, కెమెరాకు 60, మీ దగ్గరున్నది 60. రోజుకు ఎన్ని ఫొటోలు తీస్తారో చెప్పండి, అప్పుడు చిన్నది కావాలో అక్కర్లేదో చూద్దాం.

దారిబత్తెం
ఫొటోలు తీసేది మా ఆవిడ. అడిగి చెబుతాను.

లెక్కలమాస్టారు
అడగక్కర్లేదు, రెండోది కొనేయండి.